పాత సామాను కొనేవారికి హెచ్చరిక: చాట్‌లో మాయమైన వారంటీ మాట

గత నెలలో గాజువాకలో ఒక వ్యక్తి వద్ద పాత వాషింగ్ మెషీన్‌ను 9,000 రూపాయలకు కొన్నాను. శనివారం సాయంత్రం వాట్సాప్‌లోనే ధర తెగింది. వారంటీ ప్రస్తావన వచ్చే సరికి ఆయన ఆ చాట్‌లో గడువు తీరగానే సందేశాలు వాటంతటవే మాయమయ్యే డిసప్పియరింగ్ మెసేజెస్‌ను 24 గంటలకు పెట్టారు. ఇద్దరిలో ఎవరైనా దాన్ని పెట్టవచ్చు, పెట్టినట్లు చాట్‌లో చిన్న గమనిక కూడా వస్తుంది. ఆ తరువాతే, ఏడు గంటలకు, ఆరు నెలల్లోపు మోటారు పాడైతే తనదే బాధ్యతని రాసి, పాత బిల్లు ఫొటో పంపారు.

గమనిక చూసి అనుమానం వచ్చి, ఆ హామీపై, గడువు తీరినా సందేశాన్ని నిలిపి ఉంచే కీప్ నొక్కి నిశ్చింతగా ఉన్నాను. నేను చేసిన పొరపాటు అదే. మనం కీప్ నొక్కితే ఆ సంగతి పంపినవారికి తెలుస్తుంది, వారు దాన్ని రద్దు చేయవచ్చు, రద్దు చేస్తే అదే సందేశాన్ని మళ్లీ నిలుపుకోలేము. ఆయన రద్దు చేశారు.

సోమవారం మధ్యాహ్నం మూడు గంటలకు మోటారు ఆగిపోయింది. చాట్ తెరిస్తే గడువు పెట్టక ముందు జరిగిన ధర బేరం చెక్కుచెదరకుండా ఉంది, హామీ మాత్రం లేదు. గడువును చదివిన సమయం నుంచి కాక పంపిన సమయం నుంచి లెక్కిస్తారు కనుక అది ఆదివారం ఏడు గంటలకే పోయింది. అయితే ఆదివారం ఆరు గంటలకు ఆ హామీనే ఎంచుకుని రిప్లైగా "డబ్బు పంపాను" అని రాశాను. అసలు సందేశం పోయినా, నా జవాబు పైభాగంలో ఆయన మాటలు ఇంకా కనిపిస్తున్నాయి. ఆ జవాబుకూ 24 గంటలే గడువు కాబట్టి, మిగిలిన ఆ మూడు గంటల్లోపే స్క్రీన్‌షాట్ తీశాను. ఈ రకం సందేశాలకు స్క్రీన్‌షాట్‌ను యాప్ అడ్డుకోదు, ఒకసారే చూడగలిగే వ్యూ వన్స్ ఫొటోలను మాత్రం తీయనివ్వదు. పేరు సేవ్ చేసుకుని ఉంటే స్క్రీన్‌షాట్‌లో నంబరు రాదు కనుక, ప్రొఫైల్ తెరిచి నంబరు కనిపించేలా ఇంకొకటి తీయవలసి వచ్చింది.

బిల్లు ఫొటో మరో దారిలో దొరికింది. శనివారమే దాన్ని మధురవాడలో ఉండే అక్కకు ఫార్వర్డ్ చేశాను. మా చాట్‌లో గడువు లేదు గనుక ఆ ప్రతి అలాగే ఉంది. గడువున్న చాట్‌కు పంపి ఉంటే అక్కడి గడువు ప్రకారం అదీ పోయేది. గ్యాలరీలో విడిగా సేవ్ చేసుకున్న ఫొటోకు ఈ గడువు వర్తించదు.

శనివారం అర్ధరాత్రి తీసుకున్న బ్యాకప్‌లో హామీ ఉంటుంది కదా అని మా బావగారు అన్నారు. బ్యాకప్‌లోకి అది చేరుతుంది కానీ, తిరిగి రిస్టోర్ చేసేటప్పుడు గడువు తీరిన సందేశాలు తొలగిపోతాయి.

రెండు స్క్రీన్‌షాట్లు, బిల్లు పంపిన తరువాత మెషీన్ అమ్మిన ఆయన మరమ్మతు ఖర్చులో సగం ఇచ్చారు.