సోమశిల ఆకారం చేతికొచ్చింది: స్టైలస్ స్మార్ట్ సెలెక్ట్‌ను చాలాకాలం వాడాక

ఈ టాబ్లెట్ గురించి నన్ను ఎవరడిగినా బ్యాటరీ, కెమెరా గురించి మాట్లాడను. పెన్నుతో తెరమీద ఒక వంకర ఆకారం చుట్టూ గీస్తే, ఆ ముక్క మాత్రమే విడిగా ఊడి చేతికొస్తుందే, ఆ స్మార్ట్ సెలెక్ట్ గురించే చెబుతాను. నేను ఆత్మకూరు వైపు హైస్కూల్లో సోషల్ చెబుతాను. పదో తరగతి పిల్లలకి పటాలతో పని ఎక్కువ. మామూలు స్క్రీన్‌షాట్ తీస్తే పైన సెర్చ్ బార్, పక్కన బటన్లు, అవసరం లేని ఊళ్ల పేర్లు అన్నీ వస్తాయి. చతురస్రంగా కత్తిరించినా సగం చెత్త మిగులుతుంది. జలాశయాలకి, నదులకి, జిల్లాలకి చతురస్రాలుండవు కదా.

ఈ పరికరం విలువ నాకు బాగా తెలిసింది సోమశిల బొమ్మ దగ్గర. పెన్నా నది వెలిగొండలను చీల్చుకుని బయటికొచ్చే చోట కట్టిన ఆనకట్ట అది. సామర్థ్యం 78 టీఎంసీలు. నీళ్లు వెనక్కి కడప జిల్లాలోకి పోతాయి, కొండల మధ్య ప్రతి లోయలోకీ ఒక పాయ దూరుతుంది. అందుకే ఆకారం చేతివేళ్లు చాచినట్టు ఉంటుంది. పిల్లలకి ఇచ్చే వర్క్‌షీటులో ఆ ఒక్క ఆకారమే ఉండాలి, చుట్టూ ఏమీ ఉండకూడదు. ఆ ఆకారాన్ని చూసి ఎటు కొండలున్నాయో, ఎటు ఆనకట్ట ఉందో వాళ్లే చెప్పాలి.

పని మొదలుపెట్టడం సులువే. మ్యాప్ తెరిచి, పెన్ను మెనూలో స్మార్ట్ సెలెక్ట్ నొక్కి, పైన కనిపించే ఆకారాల్లో తాడు గుర్తు ఉన్నదాన్ని ఎంచుకోవాలి. ఆ క్షణం నుంచి తెర కదలదు. జూమ్ చేయడం, పటాన్ని జరపడం కుదరదు. ఏదున్నా ముందే సర్దుకోవాలి. గీత మొత్తం ఒకే ఊపులో గీయాలి. పెన్ను ఎత్తామా, అక్కడితో ఎంపిక ముగిసినట్టే. మొదలుపెట్టిన చోటుకీ ఆగిన చోటుకీ మధ్య ఒక తిన్నని గీత తనంతట తానే పడి ఆకారం మూసుకుంటుంది.

ఆ తిన్నని గీత మీద నాకు మొదట్లో కోపం. ఏ పాయ మీదుగానో పడి దాన్ని కోసేసేది. తర్వాత తెలిసింది, దాన్ని పనికి వాడుకోవచ్చని. ఏ ఆకారంలోనైనా తిన్నగా ఉండే ఒక అంచు వెతకాలి. సోమశిలలో అది ఆనకట్టే. కట్ట ఒక చివర పెన్ను పెట్టి, నీళ్ల అంచు వెంబడి పాయలన్నీ చుట్టి, కట్ట రెండో చివర పెన్ను ఎత్తాలి. అప్పుడు యంత్రం గీసే తిన్నని గీత సరిగ్గా కట్ట మీదే పడుతుంది. చెరువులకి కూడా ఇదే చిట్కా. మన వైపు చెరువులకి ఒక పక్క కట్ట తిన్నగా, మిగతా వైపులు వంకరగా ఉంటాయి కాబట్టి చక్కగా కుదురుతుంది. సముద్ర తీరం, రోడ్డు, జిల్లా సరిహద్దులో తిన్నటి భాగం, ఏదైనా పనికొస్తుంది.

ఇక ప్రింట్ దగ్గర జరిగింది కాస్త వివరంగా చెప్పాలి. తెరమీద సోమశిల ముచ్చటగా కనిపించింది. వర్క్‌షీటులో పెట్టి, జిరాక్స్ షాపులో ప్రింట్ తీయిస్తే అంచులు మెట్లు మెట్లుగా వచ్చాయి. సన్న పాయలు మసకగా కలిసిపోయాయి. షాపతను బొమ్మను కంప్యూటర్లో తెరిచి చూసి, "సార్, బొమ్మ చిన్నది. సాగదీస్తే ఇంతే వస్తాది," అన్నాడు. ఆ మాటే అసలు సంగతి. ఈ పరికరం పటాన్ని కాపీ చేయదు, తెరమీది చుక్కలను మాత్రమే కాపీ చేస్తుంది. నా టాబ్లెట్ తెర 2000 చుక్కల వెడల్పు, 1200 ఎత్తు. చుట్టుపక్కల మండలాలన్నీ కనిపించేలా మ్యాప్ ఉంటే జలాశయానికి దక్కేది 600 చుక్కలు. దాన్ని కాగితంపై ఆరు అంగుళాలకి పరిస్తే అంగుళానికి వంద పడతాయి. శుభ్రమైన ప్రింట్‌కి మూడు వందల దాకా కావాలి.

కాబట్టి మందు ఒక్కటే: గీయడానికి ముందే జూమ్. టాబ్లెట్‌ను అడ్డంగా పట్టుకుని, ఆకారం తెర రెండు అంచులనీ దాదాపు తాకేదాకా పెద్దది చేస్తే 1800 చుక్కలు వస్తాయి. అదే ఆరు అంగుళాలకి అంగుళానికి 300. తర్వాత ఫొటో యాప్‌లో ఎంత పెద్దది చేసినా లేని చుక్కలు పుట్టవు. తెలుసుకోవడానికి గ్యాలరీలో బొమ్మ వివరాలు తెరిచి వెడల్పు అంకె చూడండి. దాన్ని కాగితం మీద కావలసిన అంగుళాలతో భాగిస్తే ప్రింట్ ఎలా వస్తుందో షాపుకి వెళ్లకముందే తెలిసిపోతుంది.

ఆటో సెలెక్ట్ అని ఒకటి ఉంది. మనం సుమారుగా గీస్తే లోపలి వస్తువు అంచును తనే పట్టుకుంటుంది. పాఠం పీడీఎఫ్‌లో తెల్ల కాగితం మీది పువ్వు, గుండె బొమ్మ లాంటివి భలే తీస్తుంది, సైన్స్ టీచర్లకి నేనే చూపించాను. ఉపగ్రహ చిత్రంలో మాత్రం నాకు నచ్చలేదు. కొండ నీడా, లోతు నీళ్లూ ఒకే ముదురు రంగులో ఉంటాయి కాబట్టి నీడను కలుపుకుంటుంది, సన్న పాయలను వదిలేస్తుంది. మామూలు పటం తెరిస్తే నీళ్లు ఒకే నీలం కాబట్టి అంచు స్పష్టంగా ఉంటుంది. కానీ ఆ నీలం ఒక స్థిరమైన గీత. ఉపగ్రహ చిత్రంలో నీటి అంచు తీసిన కాలాన్ని బట్టి మారుతుంది, ఎండాకాలంలో వెనక్కి పోతుంది. పిల్లలకి రెండూ పక్కపక్కన ఇస్తే మంచి ప్రశ్న తయారవుతుంది.

వాట్సాప్‌లో పంపేటప్పుడు కూడా ఒక చిక్కుంది. ఆకారం చుట్టూ ఖాళీగా ఉండాల్సిన చోటు అవతలివాళ్లకి రంగు నిండిన డబ్బాలా చేరుతుంది. ఫొటోగా పంపితే అది జేపెగ్‌గా మారుతుంది, జేపెగ్‌లో ఖాళీకి చోటు లేదు. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది. అయితే ముందు ఫైలు పేరు చివర `.png` ఉందో లేదో చూసుకోవాలి. `.jpg` ఉంటే ఖాళీ అక్కడే పోయింది. డాక్యుమెంట్‌గా పంపినా తిరిగి రాదు.

మొదట్లో దీన్ని తెగ పొగిడాను, ఇప్పటికీ రోజూ వాడుతున్నాను. కానీ నా పని ఎ4 కాగితం దాటదు, నాకు కంప్యూటర్ అందుబాటులో ఉండదు, స్టాఫ్ రూములో పది నిమిషాల్లో వర్క్‌షీట్ కావాలి. ఈ మూడూ మీకూ ఉంటే ఈ ఒక్కదాని కోసమైనా పెన్ను ఉన్న టాబ్లెట్ కొనొచ్చు. గోడకి అంటించే పెద్ద చార్టులు చేసేవాళ్లకి మాత్రం తెర చుక్కలు చాలవు. రెండు ముక్కలుగా తీసి అతికిద్దామన్నా, పటాన్ని జరిపేటప్పుడు వేలు తగిలి జూమ్ కొంచెం మారితే చాలు, అతుకు దగ్గర పాయలు కలవవు.