కోర్సు సర్టిఫికెట్టా, లీడ్ ఆడిటర్ రిజిస్ట్రేషనా?

గుంటూరులో మిర్చి ఎగుమతి యూనిట్‌లో క్వాలిటీ చూసేవారికి ఐఎస్ఓ 9001 లీడ్ ఆడిటర్ కోర్సు సాధారణంగా 5 రోజులు, చివర్లో పరీక్ష. పాసైతే వచ్చే సర్టిఫికెట్ శిక్షణకు రుజువు మాత్రమే. సొంత యూనిట్‌లో అంతర్గత ఆడిట్లకు అది చాలు.

ఆడిటర్లను నమోదు చేసే సంస్థలో లీడ్ ఆడిటర్‌గా రిజిస్ట్రేషన్‌కైతే మీరు చేసిన ఆడిట్ల లాగ్ కూడా కావాలి: తేదీలు, సంస్థ, సైట్‌లో గడిపిన రోజులు, మీ పాత్ర, ధ్రువీకరించేవారి వివరాలు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కోల్డ్ స్టోరేజీలో ఒక పూట స్టోర్స్ విభాగం మాత్రమే చూస్తే అది పూర్తి ఆడిట్ కాదు. ప్రణాళిక, ప్రారంభ సమావేశం మొదలుకొని నివేదిక దాకా మీరు ఉండాలి. లీడ్ స్థాయికి బృందాన్ని నడిపిన అనుభవం చూపించాలి.

బయటి సంస్థలను ఆడిట్ చేయాలనుకుంటే రెండోదానికే సిద్ధపడమంటాను. లాగ్‌ను ధ్రువీకరించే మేనేజర్ సంతకం మాత్రం ఆడిట్ ముగిసిన రోజే తీసుకోండి. ఆ మేనేజర్ ఉద్యోగం మారితే పట్టుకోవడం కష్టం.