రెజ్యూమెలో భాష: ‘ఫ్లూయెంట్’ అనాలా, సర్టిఫికెట్ చూపాలా, చేసిన పని చెప్పాలా?

జపనీస్ తప్పనిసరి అని ప్రకటన ఇచ్చిన ఒక ఉద్యోగానికి రెజ్యూమెలు వడపోసే పని ఒకసారి నా మీద పడింది. జపాన్ కస్టమర్లకు సాఫ్ట్‌వేర్ సపోర్ట్ ఇవ్వాలి. రోజూ ఫోన్‌లో మాట్లాడాలి, ఏదైనా ఆలస్యమైతే క్షమాపణ చెబుతూ మెయిల్ రాయాలి. ప్రకటనలో మాత్రం ‘బిజినెస్ లెవెల్ జపనీస్’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాం. ఆ తప్పు మాదే. మాట్లాడటం ఎంత, రాయడం ఎంత అని మేమే విడదీయనప్పుడు, వచ్చేవాళ్లు విడదీసి రాస్తారని ఎలా అనుకుంటాం?

చివరికి మూడు రెజ్యూమెలు మిగిలాయి. ఒకదాంట్లో ‘జపనీస్: ఫ్లూయెంట్’ అని ఉంది. రెండోదాంట్లో ‘జపనీస్: జేఎల్‌పీటీ ఎన్2, 2021’, అంటే జపనీస్ భాషా పరీక్షలో పైనుంచి రెండో స్థాయి. మూడోదాంట్లో నాలుగు వాక్యాలున్నాయి: ‘చదవడం: కస్టమర్ల మెయిళ్లు, మాన్యువల్స్ నిఘంటువు పెద్దగా అవసరం లేకుండా. మాట్లాడటం: రెండేళ్లు ఫోన్‌లో సాంకేతిక ప్రశ్నలకు జవాబులు, ధరల చర్చలు నేరుగా చేయలేదు. రాయడం: వారానికొక రిపోర్టు, పంపేముందు ఒక సీనియర్ దిద్దేవారు. చివరిసారి పనిలో వాడింది గత ఏడాది.’

ముందు ‘ఫ్లూయెంట్’ సంగతి. ఆ మాట రాసినవాళ్లు అబద్ధం చెబుతున్నారని నేననను. ఈ అభ్యర్థి జపాన్‌లో మూడేళ్లున్నాడు, నిజంగానే గడగడా మాట్లాడాడు. కానీ ఆ మాటకు కొలత లేదు. హోటల్లో ఇబ్బంది పడకుండా మాట్లాడేవాడికీ అది ఫ్లూయెన్సీయే, కోర్టులో వాదించేవాడికీ అదే. పైగా అది నోటికి సంబంధించిన మాట, చేతి గురించి ఏమీ చెప్పదు.

ఇతనికి ఇబ్బంది వచ్చింది కేగో దగ్గర. కేగో అంటే జపనీస్‌లో గౌరవ భాష. అందులో క్రియే మారిపోతుంది. ‘వెళ్లు’ అనడానికి మామూలుగా ‘ఇకు’ అంటారు, ఎదుటి పెద్దవారు వెళితే ‘ఇరష్షరు’, మనం తగ్గి చెప్పుకుంటే ‘మైరు’. స్నేహితుల మధ్య మూడేళ్లు గడిపినా ఇది అలవాటు కాకపోవచ్చు. కస్టమర్‌తో మాట్లాడేటప్పుడు మాత్రం ఇది లేకుండా కుదరదు. మెయిల్ రాయమంటే ఇంకో లోపం బయటపడింది. జపనీస్ టైపు చేసేటప్పుడు ఉచ్చారణ కొడితే కంప్యూటర్ కొన్ని అక్షర రూపాలు చూపిస్తుంది, సరైనది మనమే ఎంచుకోవాలి. ‘ఇకో’ అని కొడితే ‘ఆ తర్వాత’ అన్న మాటా వస్తుంది, ‘మార్పిడి’ అన్న మాటా వస్తుంది, ‘ఉద్దేశం’ అన్న మాటా వస్తుంది. అతను సర్వర్ మార్పిడి గురించి రాస్తూ ‘ఉద్దేశం’ ఎంచుకున్నాడు, గమనించనూ లేదు. చెవితో నేర్చుకున్న భాషకు ఇది తిరుగులేని గుర్తు. మాతృభాష అని రాసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది: ఇంట్లో మాట్లాడుతూ పెరిగినంత మాత్రాన ఆఫీసు ఉత్తరం రాయడం రాదు.

ఇక సర్టిఫికెట్. ఇది బయటివాళ్లు కొలిచినది కాబట్టి మాట కంటే మేలు, సందేహం లేదు. అయితే ఆ పరీక్ష ఏం కొలుస్తుందో రెజ్యూమె చదివేవాళ్లకు తెలిసి ఉండాలి. జేఎల్‌పీటీలో మాట్లాడే భాగం లేదు, రాసే భాగమూ లేదు. పదాలు, వ్యాకరణం, చదవడం, వినడం మాత్రమే, అదీ జవాబు ఎంచుకునే పద్ధతిలో. ఎన్2లో పదాలు-వ్యాకరణానికి 60, చదవడానికి 60, వినడానికి 60, మొత్తం 180. పాసవ్వాలంటే మొత్తం 90 రావాలి, ఒక్కో భాగంలో కనీసం 19 రావాలి. అంటే 40, 35, 19 వచ్చినా పాసే. వినడంలో 19 వచ్చిన మనిషిని ఫోన్ దగ్గర కూర్చోబెడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మా రెండో అభ్యర్థి కస్టమర్ ఉత్తరాన్ని రెండు నిమిషాల్లో చదివి అసలు ఫిర్యాదు ఏమిటో పట్టేసింది. మాట్లాడమంటే మాత్రం ప్రతి వాక్యం మధ్యలో ఆగింది.

మాట్లాడే భాగం ఉన్న పరీక్షైనా మొత్తం మార్కు మోసం చేయగలదు. ఫ్రెంచ్ భాషా పరీక్ష డెల్ఫ్‌లో బీ2 స్థాయి తీసుకోండి. నాలుగు నైపుణ్యాలకు 25 చొప్పున 100 మార్కులు, 50 వస్తే పాస్, ఒక్కో దాంట్లో కనీసం 5 చాలు. 18, 17, 12 తెచ్చుకుని మాట్లాడటంలో 5తో బయటపడ్డా చేతికి బీ2 వస్తుంది. అందుకే నా సలహా, సర్టిఫికెట్ పేరు ఒక్కటే రాయకండి, భాగాలవారీ మార్కులు కూడా రాయండి. సంవత్సరం తప్పకుండా రాయండి. జేఎల్‌పీటీ సర్టిఫికెట్‌కు గడువు తేదీ లేదు కానీ భాషకు తుప్పు పడుతుంది. నేను చూసినంతలో ముందు తుప్పుపట్టేది మాట, చదవడం చాలాకాలం నిలుస్తుంది.

మూడో పద్ధతి, చేసిన పని చెప్పడం, నాకు అన్నిటికన్నా నచ్చింది. భాష ఎంత వచ్చో చెప్పడానికి ఐరోపా దేశాల్లో వాడే సీఈఎఫ్‌ఆర్ స్థాయిల స్వీయ అంచనా పట్టిక కూడా ఇలాగే నడుస్తుంది: వినడం, చదవడం, సంభాషణ, విడిగా మాట్లాడటం, రాయడం అని ఐదుగా విడదీసి, ఒక్కో స్థాయిలో ఏం చేయగలరో చెప్పిస్తుంది. దీనిలో బలహీనత ఒకటుంది. ఎవరూ ముద్ర వేయలేదు కాబట్టి ఇది కూడా అబద్ధమే కావచ్చు. కానీ అడిగి తేల్చుకోగల అబద్ధం. ‘వారానికొక రిపోర్టు’ అన్నవాళ్లను ‘ఆ రిపోర్టులో ఏ శీర్షికలుండేవి?’ అని ఆ భాషలోనే అడగవచ్చు. ‘ఫ్లూయెంట్’ అన్నవాళ్లను ఏమని అడుగుతాం?

మేము పరీక్షించిన తీరు ఇది. పదిహేను నిమిషాలు మాట, ఇరవై నిమిషాలు రాత. స్వపరిచయం అడగలేదు, అది అందరికీ కంఠస్థమే. వాళ్లు నిన్న చేసిన పనిని, ఆ పని తెలియని మనిషికి వివరించమన్నాం. మధ్యలో ఆపి, ఒక తేదీని కావాలని తప్పుగా తిరిగి చెప్పాం. భాష వచ్చినవాళ్లు వెంటనే సరిదిద్దుతారు. అప్పజెప్పేవాళ్లు అలాగే ముందుకు పోతారు. తడబడటాన్ని మాత్రం తప్పుగా లెక్కించలేదు. టెన్షన్‌లో ఎవరైనా తడబడతారు. తడబడ్డాక వేరే మాటతో గట్టెక్కారా లేదా అన్నదే చూశాం. ఆ భాష బాగా వచ్చిన మనిషి ఒకరు పక్కన లేకుండా ఇదంతా చేయడం దండగ.

మూడో అభ్యర్థి తడబడుతూనే తేదీని సరిదిద్దింది. మెయిల్‌లో కేగో ఒకచోట అతిగా పడింది, అంతే. ఉద్యోగం ఆమెకే వచ్చింది. ‘సీనియర్ దిద్దేవారు’ అని తనే రాసుకుంది కాబట్టి మొదటి రెండు నెలలు ఆమె మెయిళ్లు చూడటానికి ఒకరిని ముందే ఏర్పాటు చేశాం.

ఎన్2 అభ్యర్థి తర్వాత ఫోన్ చేసి, తన రెజ్యూమెలో ఆ ఒక్క వాక్యాన్ని ఎలా మార్చాలని అడిగింది. ప్రకటనల్లో వెతికేది ఆ పేరుతోనే కాబట్టి జేఎల్‌పీటీ ఎన్2ను ముందే ఉంచమన్నాను. ఆ పక్కన మూడు మార్కులు, కింద ఇంకో వాక్యం: ‘చదవడం పని స్థాయిలో, మాట్లాడటం నెమ్మది, ముందే సిద్ధమైన విషయంపై మాత్రమే.’ డాక్యుమెంట్లు చదివి సారం రాసే ఉద్యోగాలకు పంపమన్నాను.