విషయానికీ భాషకూ కలిపి ఒకే మార్కా, విడివిడిగానా: ఏది మేలు?

బెంగళూరు డిగ్రీ కాలేజీల్లో చదివే తెలుగు పిల్లలంతా ఒకే దారిలో వచ్చినవాళ్లు కారు. పావగడ, బాగేపల్లి వైపు నుంచి వచ్చేవాళ్లలో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, కాలేజీలో ఇంగ్లిష్. పరీక్ష రాసే భాష వాళ్లకు మూడోది. ఇక్కడే పుట్టి, ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్‌లో చదివిన పిల్లల పక్కన కూర్చుని అదే పేపర్ రాస్తారు. ఇద్దరినీ ఒకే రూబ్రిక్‌తో, అంటే ఒకే మార్కుల పట్టికతో దిద్దుతాం. ఆ పట్టిక న్యాయంగా ఉందో లేదో తేల్చడానికి భాష మార్కుల్ని విషయం మార్కుల నుంచి వేరు చేయాలని ఇప్పుడు చాలామంది అంటున్నారు. నేనూ అదే అంటాను. అయితే వేరు చేసే పద్ధతులన్నీ ఒకటి కావు.

ఒక ప్రశ్న తీసుకుని చూద్దాం. పర్యావరణం పేపర్‌లో 10 మార్కులకు: బెళ్లందూరు చెరువులో నురగ ఎందుకు వస్తుంది? జవాబులో నాలుగు విషయాలు ఉండాలి. శుద్ధి చేయని మురుగునీరు చెరువులో కలుస్తుంది. అందులోని డిటర్జెంట్ పదార్థాలు నీటి తలతన్యతను తగ్గిస్తాయి. చెరువు నీరు బయటికి పోయేచోట పైనుంచి పడుతూ గాలితో కలిసి చిలికినట్టవుతుంది. పెద్ద వాన పడినప్పుడు అడుగున పేరుకున్న బురద కదిలి, దాన్ని అంటుకుని ఉన్న డిటర్జెంట్ మళ్లీ నీటిలోకి వస్తుంది, అందుకే వాన తర్వాత నురగ ఎక్కువ.

పావగడ అబ్బాయి రాసిన జవాబు పొట్టిగా ఉందనుకుందాం. ‘సోప్ వాటర్ కమింగ్, టెన్షన్ ఈజ్ లెస్, వాటర్ ఫాలింగ్ సో ఎయిర్ ఈజ్ మిక్స్’ అనే తీరులో ఉంది. మురుగునీరు, తలతన్యత, గాలి కలవడం, మూడూ ఉన్నాయి. వాన సంగతి లేదు. ఇంకో అమ్మాయి ఒకటిన్నర పేజీ చక్కటి ఇంగ్లిష్‌లో రాసింది. చెరువుల నగరంగా బెంగళూరు చరిత్ర, ప్రభుత్వం ఏం చేయాలి, అన్నీ ఉన్నాయి. కారణాలు మాత్రం రెండే: మురుగునీరు, డిటర్జెంట్.

మొదటి పద్ధతిలో మొత్తం చదివి ఒకే మార్కు వేస్తాం. అమ్మాయికి 7, అబ్బాయికి 5 పడడం మామూలే. వేసినవాళ్లకు చెడు ఉద్దేశం ఏమీ లేదు. కానీ ఆ 5లో భాషకు ఎంత పోయింది, వాన సంగతి రాయనందుకు ఎంత పోయింది అని అబ్బాయి అడిగితే చెప్పడానికి మన దగ్గర ఏమీ ఉండదు. పని త్వరగా అయిపోతుందన్నది ఒక్కటే దీనికున్న మంచి.

రెండో పద్ధతిలో రెండు గడులు. విషయానికి 8, భాషకు 2. ఒకసారి చదివి రెండూ నింపేస్తాం. చూడ్డానికి న్యాయంగా ఉంటుంది గానీ, నా భయమంతా దీని గురించే. 1920లో థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, సైన్యంలో అధికారులు తమ కింది వాళ్లకు వేసిన మార్కులు పరిశీలించాడు. తెలివి, శరీర దారుఢ్యం, నాయకత్వం, స్వభావం, దేనికి దానికి విడిగా వేయమన్నా అవన్నీ ఒకేవైపు మొగ్గాయి. ఒక గుణం మీద కలిగిన అభిప్రాయం మిగతా గడుల్లోకి పాకిపోయింది. జవాబు పత్రంలోనూ అంతే. వాక్యం తడబడితే, ఆ చిరాకు విషయం గడిలోకి వెళ్లిపోతుంది. పైగా విషయం గడిలో ‘స్పష్టంగా వివరించారు’, ‘లోతైన అవగాహన’ లాంటి మాటలుంటే భాషకే రెండుసార్లు మార్కులు వేసినట్టు.

పట్టికను ఎక్కడినుంచో తెచ్చుకుంటే ఇంకో చిక్కు. 1981లో వచ్చిన ‘ఈఎస్‌ఎల్ కాంపోజిషన్ ప్రొఫైల్’ ఇప్పటికీ చాలా పట్టికలకు మూలం. అందులో విషయానికి 30, అమరికకు 20, పదజాలానికి 20, వ్యాకరణానికి 25, స్పెల్లింగ్ వంటి వాటికి 5. అది ఇంగ్లిష్ వ్యాసరచన నేర్చుకునేవాళ్ల కోసం చేసింది కాబట్టి అక్కడ సబబే. దాన్నే పర్యావరణం పేపర్‌కు తెస్తే సగం మార్కులు భాషకే పోతాయి.

మూడో పద్ధతి: విషయం గడిని నాలుగు ముక్కలు చేసి, ఒక్కో కారణానికి 2 చొప్పున ముందే రాసిపెట్టుకోవడం. మొదటి చదువులో అవి ఉన్నాయా లేదా అని మాత్రమే చూడాలి. కట్ట మొత్తం అయ్యాక, మళ్లీ తిరగేసి భాష గడి నింపాలి. అబ్బాయికి విషయంలో 6, భాషలో 1, మొత్తం 7. అమ్మాయికి విషయంలో 4, భాషలో 2, మొత్తం 6. వరస తారుమారైంది.

‘ఇంత ఇంగ్లిష్ వచ్చిన పిల్లకు తక్కువేంటి మేడమ్?’ అని స్టాఫ్ రూమ్‌లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఇది ఇంగ్లిష్ పేపర్ అయితే ఆ ప్రశ్న సరైనదే. ఇది చెరువు గురించిన పేపర్.

అయితే వేరు చేశాం అనుకోవడం వేరు, నిజంగా వేరైందో లేదో చూడడం వేరు. రెండు గడుల్లో మార్కులు కలిసి పెరుగుతున్నాయని చూసి పక్షపాతం అనేయలేం. బాగా చదివే పిల్లలకు రెండూ బాగా రావచ్చు. అందుకని జవాబునే మార్చి చూడాలి. ఇంగ్లిష్ రెండో భాషో మూడో భాషో అయిన పిల్లల జవాబులు 20 తీసుకుని, ఒక్కోదానికి భాష మాత్రమే సరిచేసిన ప్రతి తయారు చేయించాలి. ఆ పని సబ్జెక్ట్ టీచర్‌కు ఇవ్వకూడదు, తెలియకుండానే విషయం కూడా పూరించేస్తారు. ఇంగ్లిష్ టీచర్ సరిచేయాలి, కొత్త కారణం ఏదీ చేరలేదని సబ్జెక్ట్ టీచర్ చూడాలి. చేతిరాత ప్రభావం లేకుండా అసలూ, సరిచేసినవీ అన్నీ టైప్ చేయించాలి. తర్వాత దిద్దేవాళ్లు ఇద్దరు. మొదటివారికి 10 అసలువి, మిగతా 10 జవాబుల సరిచేసిన ప్రతులు. రెండోవారికి సరిగ్గా తిరగేసి. అప్పుడు ఒకే జవాబును రెండు రూపాల్లో ఎవరూ చూడరు. ఒకరు పిసినారిగా వేసినా రెండు వైపులా సమంగా పడుతుంది.

చూడాల్సింది విషయం గడి ఒక్కటే. అందులో ఏ మార్పూ రాకూడదు. కానీ ఒకే పేపర్‌ను ఇద్దరు దిద్దితే ఒక మార్కు అటూ ఇటూ కావడం సహజం. దాన్ని పక్షపాతం నుంచి ఎలా విడదీయడం? మామూలు తేడా కొన్ని జవాబులకు పైకీ, కొన్నిటికి కిందికీ పోతుంది, సగటు సున్నా దగ్గర ఉంటుంది. భాష లోపలికి కారుతుంటే సరిచేసిన ప్రతులకే మార్కులు పెరుగుతూ పోతాయి. 20లో 14 జవాబులకు పెరిగి, రెండింటికి మాత్రమే తగ్గితే, ఆ గడి పేరుకే విషయానిది. అప్పుడు గడిలోని మాటల్ని మార్చి, మళ్లీ కొత్త జవాబులతో చూడాలి.

ఎంత జాగ్రత్తగా చేసినా తేలని చోట్లు కొన్ని ఉంటాయి. ఎవరైనా తలతన్యత ‘ఇంక్రీజ్’ అని రాస్తే అది భాష తప్పా, విషయం తప్పా? మిగతా జవాబు చూడాలి. నురగ తేలిగ్గా వస్తుందని చెప్పి, కారణం కూడా తగ్గడానికి సరిపోయేలా రాసి, ఆ ఒక్క మాటే విరుద్ధంగా ఉంటే నేను భాష గడిలోనే తగ్గిస్తాను. వెనకాముందూ ఏ ఆధారం లేకపోతే విషయంలో తగ్గించక తప్పదు. ఈ నియమం దిద్దడానికి ముందే రాసుకోవాలి, లేకపోతే ఒక్కొక్కరికి ఒక్కో న్యాయం జరుగుతుంది.

అరవై పేపర్లు రెండు రోజుల్లో ఇవ్వాల్సిన యూనిట్ టెస్ట్‌కు రెండుసార్లు చదవడం కుదరదని తెలుసు. అక్కడ ఒకే చదువులో రెండు గడులు వేసినా సరే, కారణాల జాబితా మాత్రం వదలొద్దు. జాబితా లేని రెండు గడుల కంటే ఒకే మార్కు నయం. కనీసం విషయాన్ని విడిగా కొలిచామన్న భ్రమ అందులో ఉండదు.

రాయకుండా మిగిలిపోయినదాన్ని మాత్రం ఏ పట్టికా పట్టుకోలేదు. మూడో భాషలో వాక్యం కూర్చుకునేసరికి టైమ్ అయిపోయిన అబ్బాయి, వాన సంగతి తెలిసీ రాయలేకపోయి ఉండొచ్చు. చివరి ప్రశ్నలు ఖాళీగా వదిలేసేది ఎక్కువగా వీళ్లేనా అని కట్టలో చూడండి. అవునంటే కొందరిని పిలిచి అదే ప్రశ్న తెలుగులోనో కన్నడలోనో నోటితో అడగండి. చెప్పగలిగితే, మార్చాల్సింది రూబ్రిక్ కాదు, పరీక్ష సమయం.