ఎస్‌పీఐ 1 దగ్గరికొచ్చింది, లిఫ్ట్ మాత్రం రాలేదు

గుంటూరు గోరంట్ల వైపు ఒక జీ ప్లస్ ఫైవ్ అపార్ట్‌మెంట్, బడ్జెట్ 3 కోట్లు, ప్లాన్ 15 నెలలు. పునాది నుంచి తాళాలిచ్చేదాకా ఎర్న్‌డ్ వాల్యూ షీట్ ఎక్సెల్‌లో నేనే నడిపా. పీవీ, ఈవీ, ఏసీ ఏంటో మళ్ళీ చెప్పను, తెలిసినోళ్ళే చదువుతారు ఇది. నా మంటంతా ఎస్‌పీఐ మీదే.

స్లాబులు పడుతున్నంతకాలం బానే ఉంది, పని వెనకబడితే నంబర్ పడేది, మేస్త్రీని నిలదీయడానికి పనికొచ్చేది. అసలు తంటా 15వ నెల దాటాక మొదలైంది. అప్పటికి ఈవీ 2.70 కోట్లు, పీవీ 3 కోట్లు, అంటే ఎస్‌పీఐ 0.90. ప్లాన్ అయిపోయింది కాబట్టి పీవీ ఇంక పెరగదు, అక్కడే ఆగిపోద్ది, ఈవీ మాత్రం నెలనెలా పెరుగుతూనే ఉంటది. అట్టా 17వ నెలకి ఈవీ 2.91 అయ్యేసరికి 0.97 వచ్చి కూర్చుంది, రెండు నెలలు లేటయిన బిల్డింగుకి!

మా బిల్డర్ గారు అది చూసి "ఇంక మూడు పైసల పనే గదా, నెలాఖరుకి గృహప్రవేశాలు చెప్పేద్దామా" అన్నారు. "సార్, అది డబ్బుల్లో మూడు పైసలు, రోజుల్లో కాదండీ" అన్నా. మిగిలిన 9 లక్షల్లో ఉన్నది లిఫ్ట్ బిగింపు, కరెంటు కనెక్షన్, సెల్లార్ ఫ్లోరింగు, డబ్బు తక్కువే గానీ ఒకదాని కోసం ఇంకోటి ఆగే పనులు, కరెంటు రాందే లిఫ్ట్ టెస్టింగ్ అవదు గదా. ఈలోపు ఇద్దరు ఫ్లాట్ వాళ్ళు ముహూర్తాలు కూడా పెట్టించుకున్నారు, వాళ్ళకి సర్దిచెప్పలేక నా తల ప్రాణం తోకకొచ్చింది.

అప్పట్నుంచి పక్కన ఇంకో కాలమ్ పెట్టా, ఎర్న్‌డ్ షెడ్యూల్ అంటారు. ఇప్పుడున్న ఈవీ ప్లాన్ ప్రకారం ఏ నెలకి రావాల్సిందో చూసి, దాన్ని గడిచిన నెలలతో భాగించడమే. 2.91 కోట్లు ప్లాన్‌లో 14వ నెలకే రావాలి, మేం 17లో ఉన్నాం, 14/17 అంటే 0.82. పని 18వ నెలలో ముగిసింది, అప్పుడు మామూలు ఎస్‌పీఐ నిక్షేపంగా 1.00 చూపించింది, ఇది మాత్రం 15/18, అంటే 0.83 దగ్గరే నిలబడింది. నిజం చెప్పింది ఇదే.

ఖర్చు వైపు సీపీఐ మాత్రం సూపరు, సెంట్రింగ్ ఖర్చు పెరుగుతోందని ముందే పట్టిచ్చింది. అయితే సిమెంటు అరువుకి తెచ్చి బిల్లు కట్టిన రోజే ఏసీలో ఎక్కిస్తే అది కూడా అందంగా అబద్ధం చెప్తది, సరుకు వాడిన నెలలోనే రాయాలి. మాకు అకౌంట్స్ అబ్బాయి పక్క కుర్చీలోనే ఉంటాడు కాబట్టి కుదిరింది.

నా మట్టుకు ఒక్క బిల్డింగు, బిల్లులన్నీ చేతిలో ఉండే పని కాబట్టి ఈ షీట్ మళ్ళీ వాడతా. సబ్ కాంట్రాక్టులకి ముక్కలుగా ఇచ్చేసిన పనైతే మాత్రం, ఏమో, ఆలోచిస్తా.