మూడేళ్ళ కారు పాలసీ, ఏటేటా రెన్యువల్: నో క్లెయిమ్ బోనస్ దగ్గర తేలిన తేడా

2019 అక్టోబరులో కర్నూలులో కొత్త కారు కొన్నప్పుడు మన కారు నష్టానికి ఓన్ డ్యామేజ్, ఎదుటివారి నష్టానికి థర్డ్ పార్టీ బీమా రెండూ మూడేళ్ళకు కలిపి ఒకే పాలసీగా తీసుకున్నాను. అది 2022 అక్టోబరులో ముగిసింది. అప్పటి నుంచి ఏటా రెన్యువల్ చేయిస్తున్నాను. ఒకే కారు మీద రెండు పద్ధతులూ చూశాను కనుక నిశ్చింతగా చెప్పగలను: మూడేళ్ళ పాలసీ నడిచినన్నాళ్ళు నన్ను ఏ ఇబ్బందీ పెట్టలేదు. ముగిసే నెలలో మాత్రం, ఒక్క క్లెయిము కూడా లేకుండా నేను సంపాదించుకున్న బోనస్‌లో సగానికి దగ్గరగా ఎగరగొట్టబోయింది. నాకు ఇప్పటికీ కోపం తెప్పించే విషయం అదే కాబట్టి ఎక్కువగా దాని గురించే రాస్తాను.

ముందు నేపథ్యం కొంత చెప్పాలి. క్లెయిము చేయని ఏడాదికి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపే నో క్లెయిమ్ బోనస్. అది 20, 25, 35, 45, 50 శాతంగా ఏటా ఒక్కో మెట్టు పెరుగుతుంది, క్లెయిము చేస్తే సున్నా అవుతుంది. సుప్రీంకోర్టు ఆదేశం మేరకు 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అయింది. దానికి ఓన్ డ్యామేజ్‌ను ఒక్క ఏడాదికి జత చేసుకోవచ్చు, లేదా మూడేళ్ళకూ తీసుకోవచ్చు అన్నారు. ఆ రెండో రకాన్ని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020 ఆగస్టు 1 నుంచి ఆపించింది. అందువల్ల 2021లో అనంతపురంలో కారు కొన్న మా తమ్ముడికి మూడేళ్ళ థర్డ్ పార్టీ, ఒక్క ఏడాది ఓన్ డ్యామేజ్ ఉన్న పాలసీయే దొరికింది. మా ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తేనే అసలు తేడా అర్థమైంది.

షోరూములో నాకు మూడేళ్ళ పాలసీని "ధర పెరగదు సార్, మూడేండ్లు నిశ్చింత" అంటూ అమ్మారు. ఆ మాట నిజమే. అయితే పెరగదన్న ధరలో థర్డ్ పార్టీ భాగాన్ని లెక్కలోకి తీసుకోకూడదు, ఎందుకంటే ఆ భాగం ఏ పాలసీ తీసుకున్నా మూడేళ్ళకు కట్టక తప్పదు. నా 1,197 సీసీ కారుకు అది 9,534 రూపాయలు. పాత కార్లవాళ్ళు అప్పట్లో ఏటా కట్టిన 3,221 రూపాయల చొప్పున చూస్తే మూడేళ్ళకు మిగిలింది 129 రూపాయలే. కరోనా కాలంలో ఆ ధరలు సవరించలేదు, 2022 జూన్ 1న ఏడాది ధర 3,416 అయ్యేదాకా పెరుగుదలే లేదు. కాబట్టి మూడేళ్ళ పాలసీకి ప్రత్యేకంగా ఉన్న ధర హామీ ఓన్ డ్యామేజ్ భాగానికి మాత్రమే వర్తిస్తుంది.

ఆ భాగంలో నో క్లెయిమ్ బోనస్ ఎక్కడ దాగి ఉందో చూడాలి. కారు షోరూం ధర 8 లక్షలు. పాలసీలో రాసిన విలువ, అంటే ఐడీవీ, మొదటి ఏడాది 7,60,000, రెండో ఏడాది 6,40,000, మూడో ఏడాది 5,60,000. నాకు వేసిన రేటు నూటికి 1.6 రూపాయల చొప్పున ఏడాదికేడాది 12,160, 10,240, 8,960 అయింది, మొత్తం 31,360. ఒకేసారి కడుతున్నందుకు పది శాతం తగ్గించి 28,224 తీసుకున్నారు. జీఎస్టీ అదనం.

ఇదే కారుకు ఇదే రేటుతో ఏటేటా కట్టి, క్లెయిము లేకుండా నడిపిన మనిషికి రెండో ఏడాది 20 శాతం, మూడో ఏడాది 25 శాతం బోనస్ కింద ప్రీమియం తగ్గుతుంది. అప్పుడు అతను కట్టేది 12,160, 8,192, 6,720, మొత్తం 27,072. అంటే పది శాతం తగ్గింపు ఇచ్చినట్టు కనిపించినా, మూడేళ్ళు క్లెయిము లేని నాలాంటివాడు ఏటేటా కట్టేవాడికంటే 1,152 రూపాయలు ఎక్కువే కట్టాడు, అదీ మూడేళ్ళదీ ఒకేసారి ముందుగా. ఈ లెక్కలో రెండూ సమానం కావాలంటే ముందస్తు తగ్గింపు పద్నాలుగు శాతానికి దగ్గరగా ఉండాలి. మూడేళ్ళ పాలసీలో మధ్యలో బోనస్ రాదు. దాని బదులుగా ఇచ్చేదే ఆ ముందస్తు తగ్గింపు. ఈ మాట షోరూములో ఎవరూ ఇలా విడమరచి చెప్పరు.

క్లెయిము వస్తే లెక్క తిరగబడుతుంది, ఇక్కడ మూడేళ్ళ పాలసీని మెచ్చుకోవాలి. మా తమ్ముడి కారుకు మొదటి ఏడాదిలోనే బేతంచెర్ల వైపు నాపరాళ్ళ లారీ వెనక వెళ్తుండగా ఒక రాయి ముక్క ఎగిరొచ్చి ముందు అద్దానికి తగిలింది. చిన్న చుక్కలాంటి పగులు, నంద్యాల చేరేసరికి ఒక చివర నుంచి ఇంకో చివరకు పాకింది. అద్దం మార్చడానికి ఏడు వేలయింది. అద్దానికి తరుగుదల కోత ఉండదు కనుక, తప్పనిసరిగా మనం భరించవలసిన వెయ్యి పోను ఆరు వేలు కంపెనీ ఇచ్చింది. వాడి కారు విలువ, రేటు నా కారువాటికి చాలా దగ్గర కాబట్టి నా అంకెలతోనే లెక్క వేశాను. ఆ క్లెయిము వల్ల రెండో ఏడాది పోయిన బోనస్ 2,048. మూడో ఏడాది 25 శాతం రావలసినచోట 20, నాలుగో ఏడాది 35 రావలసినచోట 25, ఐదో ఏడాది 45 రావలసినచోట 35 వస్తుంది. ఆ తేడాలన్నీ జీఎస్టీతో కలిపితే నాలుగున్నర వేలు దాటింది. ఆరు వేల క్లెయిములో నికరంగా మిగిలింది ఎంతో దీన్ని బట్టి తెలుస్తుంది.

అదే రాయి అదే మొదటి ఏడాదిలో నా కారుకు తగిలి ఉంటే రెండో ఏడాదికీ మూడో ఏడాదికీ నేను ఒక్క రూపాయి కూడా ఎక్కువ కట్టవలసిన పని లేదు, ఎందుకంటే ఆ ప్రీమియం అప్పటికే కట్టేసి ఉన్నాను. నష్టం నాలుగో ఏడాది నుంచే మొదలయ్యేది, అదీ 35 బదులు 25 శాతంతో. కాబట్టి మూడేళ్ళ పాలసీలో మొదటి ఏడాది క్లెయిముకు వెనకాడనవసరం లేదు. మూడో ఏడాది క్లెయిము మాత్రం రెండు పద్ధతుల్లోనూ ఒకేలా దెబ్బ తీస్తుంది, అంతవరకూ కూడిన బోనస్ మొత్తం సున్నా అవుతుంది.

ఇక నా కోపానికి కారణం. నా పాలసీ షరతుల్లో, కాలం ముగిశాక రెన్యువల్ చేసేటప్పుడు ఏటేటా పాలసీకి వర్తించే బోనస్ పట్టికే వర్తిస్తుందని స్పష్టంగా ఉంది. క్లెయిము లేని మూడేళ్ళకు ఆ పట్టిక ప్రకారం 35 శాతం రావాలి. అయినా 2022 సెప్టెంబరులో వచ్చిన రెన్యువల్ నోటీసులో 20 శాతమే వేశారు. వేరే కంపెనీల వెబ్‌సైట్లలో చూస్తే అక్కడా అంతే. పాత పాలసీలో బోనస్ ఎంత అని అడుగుతారు. నా పాలసీ కొత్త కారుది కనుక అందులో సున్నా అని ఉంటుంది. సున్నా ఎంచుకోగానే అది ఒక మెట్టు పైకి వెళ్ళి 20 చూపిస్తుంది. ముగిసిన పాలసీ ఏడాదిదా మూడేళ్ళదా అని అడిగే గడి ఎక్కడా లేదు.

తెలిసిన ఏజెంటు ఒకరు "25 అని నొక్కండి సార్, 35 వచ్చేస్తాది" అన్నారు. లెక్క సరిపోతుంది కానీ పాత పాలసీలో లేని అంకెను ఉన్నట్టు మనం ప్రకటించినట్టవుతుంది. బోనస్ గురించి తప్పుగా ప్రకటిస్తే ఓన్ డ్యామేజ్ క్లెయిమును తిరస్కరించే వీలు కంపెనీకి ఉంటుంది కాబట్టి ఆ దారి వద్దనుకున్నాను.

బ్రాంచి ఆఫీసుకు వెళ్తే కౌంటరులో ఉన్నాయన నా నోటీసు చూసి, స్క్రీన్ నా వైపు తిప్పి, "సిస్టంలో అంతే చూపిస్తాంది సార్, మేము మార్చేదానికి లేదు" అన్నారు. ఆయన తప్పేమీ కనిపించలేదు, నిజంగానే ఆ గడి మూసి ఉంది. అప్పుడు షరతుల పేజీలో ఆ వాక్యం కింద గీత గీసి, పాలసీ కాలం, క్లెయిములు లేవన్న సంగతి, రావలసిన శాతం మూడూ రాసి, కంపెనీ ఫిర్యాదుల అధికారికి మెయిల్ పంపాను. క్లెయిములు లేనట్టు ధ్రువీకరిస్తూ ఉత్తరం కూడా ఇవ్వమని అడిగాను. రెండు వారాలు దాటాక, పాలసీ ముగియడానికి కొద్ది రోజుల ముందు, 35 శాతంతో సవరించిన నోటీసు వచ్చింది.

తేడా ఎంత అంటారేమో. నాలుగో ఏడాది ఐడీవీ 4,80,000 మీద ఓన్ డ్యామేజ్ ప్రీమియం 7,680. 35 శాతంతో 4,992, 20 శాతంతో 6,144. జీఎస్టీతో కలిపి 1,359 రూపాయల తేడా. అయితే అది ఆ ఏడాదితో ఆగదు. 20 దగ్గర మొదలైనవాడు మరుసటి ఏడాది 45 బదులు 25, ఆపై ఏడాది 50 బదులు 35 దగ్గర ఉంటాడు. 50 చేరుకునేదాకా నాలుగేళ్ళు వెనకబడే ఉంటాడు. ఆ నోటీసులో ఉన్నంత కట్టేసి ఊరుకున్నవాళ్ళు ఎందరున్నారో అనిపిస్తుంది.

ఏటేటా రెన్యువల్‌లో ఈ చిక్కు లేదు, ప్రతి పాలసీ మీద ఆ ఏటి శాతం అచ్చయి ఉంటుంది. ఇంకొక సౌకర్యం, ఏటా వేరే కంపెనీల ధరలు అడగవచ్చు. మా తమ్ముడికి రెండో ఏడాది బయట దొరికిన రేటు షోరూం రేటుకంటే బాగా తక్కువ. పైన వేసిన లెక్కలో రేటు మారదనుకున్నాను కానీ, మూడేళ్ళ పాలసీలో పెరుగుదల ఎలా ఆగుతుందో తగ్గుదల కూడా అలాగే ఆగుతుంది. ఏటేటా పద్ధతిలో ఉన్న ప్రమాదం మరొకటి. "అన్నా, మూడేండ్లకని చెప్పినారు కదా" అంటూ మా తమ్ముడు రెండో ఏడాది ఓన్ డ్యామేజ్ గడువు దాటించబోయాడు. థర్డ్ పార్టీ నడుస్తూ ఉంటుంది కనుక పోలీసు తనిఖీలో ఏమీ బయటపడదు. గడువు దాటి తొంభై రోజులైతే అప్పటిదాకా కూడిన బోనస్ కూడా పోతుంది.

నా వరకు మూడేళ్ళ పాలసీ నష్టం కాదు, పెద్ద లాభమూ కాదు. నేను కారు సొంత డబ్బుతో కొన్నాను, ఊళ్ళో ఆఫీసుకూ, నెలకోసారి హైదరాబాదుకూ తప్ప పెద్దగా తిప్పను, రాత్రి ఇంటి లోపలే పెడతాను. అలాంటివాడికి ఏటేటా కట్టడమే చవక. అప్పు మీద కొని, ప్రీమియం కూడా అప్పులో కలిపించుకునేవారికి మూడేళ్ళ డబ్బుకు వడ్డీ కూడా తోడవుతుంది. కారు చేతికి కొత్త అయి, మొదటి రెండేళ్ళలో గీతలూ సొట్టలూ తప్పవనుకునేవారికీ, లారీల రద్దీ ఉన్న దారిలో రోజూ తిరిగేవారికీ మాత్రం, తగ్గింపు పద్నాలుగు శాతానికి అటూ ఇటూగా ఉంటే, మూడేళ్ళ ఓన్ డ్యామేజ్ ఉన్న పాలసీ మేలు కావచ్చు. అలాంటిది మళ్ళీ ఎవరైనా చూపిస్తే, కాలం ముగిశాక బోనస్ ఎంత ఇస్తారో, మధ్యలో ఒక క్లెయిము ఉంటే ఎంత ఇస్తారో షరతుల కాగితంలో ఉన్న వాక్యాన్ని చూపించమని అడగండి. ముగిసే తేదీకి నెలా నెలన్నర ముందే క్లెయిములు లేవన్న ఉత్తరం చేతిలో పెట్టుకోండి. నాకు సవరించిన నోటీసు కొద్ది రోజుల తేడాతో అందింది.