ఏడో కార్డు కింద రాసిన నెల: పన్నెండు నెలల టారో స్ప్రెడ్‌తో నా అనుభవం

టారో అంటే జోస్యం చూడటానికి వాడే బొమ్మల పేక, ఆ కార్డులను ఒక క్రమంలో పరిచే పద్ధతిని స్ప్రెడ్ అంటారు. అందులో పన్నెండు నెలల స్ప్రెడ్‌ని మూడేళ్లుగా వాడుతున్నాను. దాని మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే, కానీ పెద్దది. ప్రతి కార్డు కింద ఒక నెల పేరు రాసుకుంటాం కదా, ఆ పేరు గురించి.

కొత్తగా ఒకరు జీవితంలోకి వచ్చినప్పుడు మనసు అడిగేది "ఏమవుతుంది" అని కాదు, "ఎప్పుడు" అని. మాట ఎప్పుడు బయటపడుతుంది, మొదటి గొడవ ఎప్పుడు, ఇంట్లో ఎప్పుడు చెప్పాలి. పన్నెండు కార్డులను గడియారంలో అంకెల్లా గుండ్రంగా పరచి, ఒక్కో స్థానానికి ఒక్కో నెల ఇచ్చే ఈ స్ప్రెడ్ సరిగ్గా ఆ ప్రశ్నకే జవాబిస్తానంటుంది. అందుకే నేను దీన్ని ఎంచుకున్నాను. మొదట్లో చాలా మెచ్చుకున్నాను కూడా.

మెచ్చుకోవడానికి కారణం ఉంది. అలా నా జీవితంలోకి వచ్చిన అతన్ని నేను మొదటిసారి కలిసింది జనవరి 20న. ఫిబ్రవరి 9న కార్డులు పరిచాను. రెండో స్థానంలో టూ ఆఫ్ కప్స్ వచ్చింది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి గిన్నెలు అందుకునే కార్డు అది. కార్డులు పరిచిన రోజు నుంచి లెక్కపెడితే రెండో నెల మార్చి 9 నుంచి ఏప్రిల్ 8 వరకు. మార్చి 28న అతను మనసులో మాట చెప్పాడు. ఆ రాత్రి నోట్‌బుక్ తీసి ఆ పేజీ చూసుకున్నప్పుడు ఒళ్లు జలదరించింది. అప్పట్నుంచి మిగతా పది కార్డులనూ క్యాలెండర్‌లాగే నమ్మాను.

ఏడో స్థానంలో త్రీ ఆఫ్ స్వార్డ్స్ ఉంది. ఎర్రటి గుండెలో మూడు కత్తులు దిగి, వెనక వాన కురుస్తూ ఉంటుంది. దాని కింద నా చేత్తోనే "ఆగస్టు" అని రాశాను. పక్కన "మూడో మనిషి?" అని కూడా రాశాను. ఆ ప్రశ్నార్థకం పెట్టకుండా ఉండాల్సింది.

జూలై చివర్లో నాకు టెన్షన్ మొదలైంది. మేం ఉండేది వేర్వేరు ఊళ్లలో, నెలకు రెండుసార్లు కలిసేవాళ్లం. అందుకని అతని ఫోన్ ఆలస్యమైన ప్రతిసారీ నాకు ఆ గుండె బొమ్మే కనిపించేది. ఆగస్టులో ఒకే వారంలో మూడుసార్లు అడిగాను, "నా దగ్గర ఏమైనా దాస్తున్నావా?" అని. మొదటిసారి నవ్వాడు. రెండోసారి లేదన్నాడు. మూడోసారి కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "నెల రోజులుగా నువ్వు నాతో మాట్లాడుతున్నట్టు లేదు. ఇంకెవరితోనో పోట్లాడుతున్నట్టుంది."

అప్పుడు కార్డు సంగతి చెప్పాను. అతనికి టారో అంటే వ్యతిరేకత ఏమీ లేదు. ఒక్కటే అడిగాడు, "అంటే ఫిబ్రవరిలోనే నన్ను అనుమానించావా? అప్పటికి మనకి పరిచయమై మూడు వారాలే కదా." నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత పది రోజులు మా మధ్య పొడిపొడి మాటలే. ఆ నెల నిజంగానే గుండెలో కత్తి దిగినట్టే గడిచింది.

మరి కార్డు నిజమైనట్టేనా? సంవత్సరం చివర్లో పేజీ ముందు పెట్టుకుని చాలాసేపు ఆలోచించాను. అక్కడ మూడో మనిషి ఎవరూ లేరు. నెల పేరు ముందే తెలియకపోతే ఆ ప్రశ్నలు నేను అడిగేదాన్నే కాదు. అందుకే ఆ కార్డు పక్కన టిక్ పెట్టలేదు. "ఇది నేను తెచ్చుకున్నది" అని రాశాను. నెలను ముందే చెప్పే పద్ధతిలో అన్నిటికన్నా పెద్ద లోపం ఇదేనని నా అభిప్రాయం. వానను ముందే చెబితే వాన మారదు. కానీ ఒక మనిషికి తన బంధంలో రాబోయే చెడ్డ నెల పేరు చెబితే, ఆ నెలలో ఆ మనిషి మామూలుగా ఉండలేడు.

అసలు గొడవ మే 23న జరిగింది, ఆగస్టులో కాదు. మా విషయం ఇంట్లో ఎప్పుడు చెప్పాలన్న దాని మీద మొదలై, నాలుగు రోజులు ఫోన్లు లేని స్థితి దాకా వెళ్లింది. నా లెక్క ప్రకారం అది నాలుగో నెల. అక్కడున్నది ఫోర్ ఆఫ్ వాండ్స్, పూలదండ కట్టిన పందిరి, పండగ వాతావరణం. దానికి పూర్తిగా ఎదురు.

అప్పుడు నేను చేసిన పని చెప్పాలి, ఎందుకంటే ఈ స్ప్రెడ్ వాడేవాళ్లు చాలామంది తెలియకుండా ఇదే చేస్తారు. లెక్క మార్చాను. నెలలను కార్డులు పరిచిన రోజు నుంచి కాకుండా, మేం కలిసిన జనవరి 20 నుంచి లెక్కపెట్టాను. అలా చూస్తే మే 23 ఐదో నెలలో పడుతుంది. ఐదో స్థానంలో ఉన్నది ఫైవ్ ఆఫ్ కప్స్, ఒలికిపోయిన గిన్నెల ముందు తల వంచుకుని నిలబడిన మనిషి. చూడగానే ప్రాణం లేచి వచ్చింది, సరైన లెక్క ఇదేనన్నమాట అనుకున్నాను. కానీ అదే లెక్కతో వెనక్కి వెళ్తే మార్చి 28 మూడో నెలలోకి జరిగిపోయింది. నేను అంత మురిసిపోయిన టూ ఆఫ్ కప్స్ తప్పయింది. ఒక లెక్కలో ప్రేమ సరిపోతుంది, గొడవ తప్పుతుంది. ఇంకో లెక్కలో గొడవ సరిపోతుంది, ప్రేమ తప్పుతుంది. రెండూ ఒకేసారి సరిపోయే లెక్క నాకు దొరకలేదు.

ఆ ఏడో కార్డునే మళ్లీ తీసుకుని ఎంత దూరం సాగుతుందో చూడండి. కలిసిన రోజు నుంచి లెక్కపెడితే అది జూలై 20న మొదలవుతుంది. పరిచిన రోజు నుంచి అయితే ఆగస్టు 9న. క్యాలెండర్ నెలలతో, ఫిబ్రవరిని ఒకటిగా తీసుకుంటే మొత్తం ఆగస్టు. ఫిబ్రవరి సగంలో ఉంది కదా అని మార్చిని ఒకటిగా తీసుకుంటే సెప్టెంబరు. వీటన్నిటికీ తోడు, గోల్డెన్ డాన్ అనే పాత ఇంగ్లండ్ రహస్య విద్యల సంఘం సంప్రదాయంలో, వాండ్స్, కప్స్, స్వార్డ్స్, పెంటకిల్స్ అనే నాలుగు రంగుల్లో రెండు నుంచి పది వరకు ఉన్న 36 అంకెల కార్డులకు రాశిచక్రంలో పదేసి డిగ్రీలు కేటాయించారు. ఆ లెక్కలో త్రీ ఆఫ్ స్వార్డ్స్‌ది తులారాశి మధ్యభాగం, అంటే సుమారు అక్టోబరు 3 నుంచి 12 వరకు. ఇది పాశ్చాత్య రాశిచక్రం లెక్క, మన పంచాంగంలో తుల కాదు. ఒక్క కార్డు జూలై చివరి నుంచి అక్టోబరు మధ్య దాకా ఎక్కడైనా సరిపోతుంది. అంత పెద్ద వలలో ఏదో ఒక బాధ పడకుండా ఎలా ఉంటుంది? వాండ్స్ అంటే రోజులు, కప్స్ అంటే వారాలు అని చెప్పే పద్ధతులు కూడా ఉన్నాయి. స్థానమే నెల చెబుతున్నప్పుడు వాటిని ఇందులో కలపకూడదు.

చాలామంది "ఒక నెల అటూ ఇటూ" అంటారు. నేనూ అనేదాన్ని. పన్నెండింటిలో ముందు నెల, ఆ నెల, తర్వాతి నెల కలిపితే మూడు. అంటే నాలుగింట ఒక వంతు సంవత్సరం. కళ్లు మూసుకుని చెప్పినా నాలుగుసార్లలో ఒకసారి తగులుతుంది.

చెడ్డ నెల సంగతి కూడా అంతే. డెత్, డెవిల్, టవర్, స్వార్డ్స్‌లో మూడు, ఎనిమిది, తొమ్మిది, పది, కప్స్‌లో ఐదు, ఎనిమిది, పెంటకిల్స్‌లో ఐదు, ఈ పది నాకు కఠినమైన కార్డులు. 78 కార్డుల్లోంచి పన్నెండు తీస్తే ఈ పదింటిలో కనీసం ఒక్కటైనా రావడానికి సుమారు 83 శాతం అవకాశం ఉంది. దాదాపు ప్రతి కొత్త జంటకీ ఈ స్ప్రెడ్ ఒక భయపెట్టే నెలను చూపిస్తుందన్నమాట. అది తెలిసి ఉంటే ఆ జూలైలో నేను అంత భయపడేదాన్ని కాదు.

చివరగా ఒక పరీక్ష పెట్టుకున్నాను. ఏడాదిలో ఒక్కో నెల ఎలా గడిచిందో రెండేసి వాక్యాలు పన్నెండు చీటీల మీద రాశాను, నెల పేరు లేకుండా. నాకు టారో నేర్పిన అక్క ఆ స్ప్రెడ్‌ని ఎప్పుడూ చూడలేదు. చీటీలు కలిపేసి, పన్నెండు కార్డులూ వరస చెప్పకుండా ఇచ్చి, ఏ చీటీకి ఏ కార్డో పెట్టమన్నాను. అక్క అరగంట కూర్చుని జాగ్రత్తగా పెట్టింది. రెండు సరిపోయాయి. అర్థం చూడకుండా ఊరికే పెట్టినా సగటున ఒకటి సరిపోతుంది. రెండో అంతకన్నా ఎక్కువో సరిపోవడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. అక్క కాసేపు ఆ కార్డులనే చూస్తూ, "నెలలు తీసేయ్ అమ్మా, మిగతాది ఉంచుకో" అంది.

ఆ మిగతాది ఉంది. ఆరో స్థానంలో సిక్స్ ఆఫ్ పెంటకిల్స్ వచ్చింది, ఇచ్చేవాళ్లు, తీసుకునేవాళ్లు, చేతిలో తక్కెడ. దాన్ని చూసే నేను మొదటిసారి అతన్ని అడిగాను, ప్రతిసారీ నువ్వే ప్రయాణం చేసి వస్తున్నావు, నీకు భారంగా లేదా అని. భారంగానే ఉందట, చెప్పలేక ఊరుకున్నాడట. ఆ మాట బయటికి వచ్చింది జూలైలో కాదు, నవంబరులో. విషయం సరిగ్గా పట్టింది, నెల పట్టలేదు. అయితే దూరంగా ఉండే ఏ ఇద్దరి మధ్యైనా మొదటి ఏడాదిలో ఈ మాట వస్తుంది కాబట్టి, దాన్ని కూడా పూర్తిగా కార్డు గొప్పతనం అనలేను.

నేను త్వరగా కంగారుపడే మనిషిని, పైగా మాది దూరంలో సాగిన బంధం. ఒకే ఊళ్లో ఉండి రోజూ కలిసేవాళ్లకు నా ఆగస్టు లాంటిది రాకపోవచ్చు. మనసు నిబ్బరంగా ఉన్నవాళ్లు నెలల పేర్లు రాసుకున్నా ఏమీ కాకపోవచ్చు. అలా రాసుకోవాలనుకునేవాళ్లు పేక కలపకముందే మొదటి నెల ఏ తేదీన మొదలవుతుందో పేజీ పైన రాసి, తర్వాత దాన్ని మార్చకూడదు. ప్రతి కార్డుకీ అవునో కాదో తేల్చగలిగే ఒక వాక్యం రాయాలి. "భావోద్వేగాలు పెరుగుతాయి" లాంటి వాక్యం ఏ నెలకైనా అతుకుతుంది, దాంతో ఏదీ తేలదు.

ఇప్పుడు మేం కలిసే ఉంటున్నాం. ఈ ఏడాది కూడా పన్నెండు కార్డులు పరిచాను, కానీ ముఖం కిందికి పెట్టి, వరస చెదరకుండా ఒక కవరులో ఉంచాను. నెల చివరి రోజున ఆ నెల గురించి రెండు వాక్యాలు రాసి, అప్పుడే ఒక కార్డు తిప్పుతాను. దీంతో భవిష్యత్తు తెలియదు, నిజమే. నెల చివర కూర్చుని ఇద్దరం మాట్లాడుకోవడానికి ఒక బొమ్మ ఉంటుంది, అంతే. ఎనిమిది కార్డులు తిప్పాం. ఏడోది తిప్పే రోజు అతను నా పక్కనే కూర్చున్నాడు.